తారస్థాయి గాంధారం ఎప్పుడూ ఎక్కువే పడుతోంది: లోపం చెవిదా, చేతిదా?

వడ్డేపల్లి_వయొలిన్

అందరికీ నమస్కారం. హనుమకొండలో ఉంటాను. ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటున్నాను. కింద కూర్చుని, స్క్రోల్ కుడి పాదం మీద ఆనించి వాయించే మామూలు పద్ధతే. ఫుల్ సైజు వయొలిన్, శ్రుతి రెండున్నర.

ప్రస్తుతం మోహన వర్ణం నడుస్తోంది. మధ్యస్థాయిలో చేయి తిన్నగానే పడుతోంది, గురువుగారు కూడా ఏమీ అనడం లేదు. పంచమం తీగ మీద పైకి వెళ్ళి తారస్థాయి రి, గ పట్టేసరికి మాత్రం మొత్తం చెడుతోంది. ముఖ్యంగా గ. "ఎక్కువ పోతోంది, దించు" అని క్లాసులో ప్రతిసారీ వినడమే. ఆదివారం ఒక్కరోజే క్లాసు కాబట్టి మిగతా రోజులు చెప్పేవాళ్ళు లేరు. వీణకైతే మెట్లు ఉంటాయి, గిటార్‌కు ఫ్రెట్లు ఉంటాయి. నల్లటి ఖాళీ చెక్క మీద పైకి షిఫ్ట్ అయ్యాక, ఏ చోటు ఏ స్వరానిదో చేతికి ఎలా తెలుస్తుంది? నా లోపం చెవిలో ఉందా, చేతిలో ఉందా?

చౌరస్తా_కీస్

బ్రదర్, శ్రుతి షిఫ్టింగ్ అంత కష్టం కాదు. నేను కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి రెండున్నర నుంచి ఐదున్నరకు వెళ్ళిపోతా. మీరు బిరడాలు తిప్పి మొత్తం తీగలన్నీ మార్చుకోవాలి, అంతే. ఐదున్నరకు అవే తీగలు బిగిస్తే తెగుతాయి, దానికి వేరే సెట్ వాడాలి. పైకి పోయాక అపశ్రుతి వస్తోందంటే తీగలు పాతబడ్డాయేమో చూడండి.

వడ్డేపల్లి_వయొలిన్

అన్నా, నేను అడిగింది శ్రుతి మార్చడం గురించి కాదు. శ్రుతి అదే ఉంటుంది. ఎడమచేయి తీగ మీద కింది నుంచి పైకి జరగడం గురించి అడుగుతున్నా.

చౌరస్తా_కీస్

ఓ అదా. అయితే మా దగ్గర ఆ బాధే లేదు 😀 కానీ తీగల మాట మాత్రం పట్టించుకోండి.

కొలతబద్ద

దీనికి ఇంత చర్చ అవసరం లేదు. సన్నటి టేపు ముక్కలు కోసి ఫింగర్ బోర్డు మీద అంటించండి. ఫోన్లో ట్యూనర్ పెట్టుకుని, ముల్లు మధ్యలో నిలిచిన చోటల్లా ఒక గీత. నేను కాజీపేటలో మా అబ్బాయి వయొలిన్‌కు అలాగే చేశా. స, రి, గ, ప నాలుగు గీతలు, సమస్య ఖతం. చెవిని నమ్ముకుంటే ఏళ్ళు పడుతుంది. కొలత అబద్ధం చెప్పదు.

మంద్రపంచమం

కొలత అబద్ధం చెప్పదన్న మాట నిజమే. ఈ ప్రశ్నకు జవాబు కూడా కొలతలోనే ఉంది, కానీ టేపులో లేదు. అది తర్వాత చెప్తాను.

వడ్డేపల్లి గారూ, ముందు కొన్ని విషయాలు తెలియాలి. గ తప్పినప్పుడు ప్రతిసారీ ఎక్కువే అవుతుందా, ఒక్కోసారి తక్కువ కూడా పడుతుందా? తప్పు పడిన క్షణంలో మీకే తెలిసి వేలు వెనక్కి లాగుతున్నారా, లేక ఎవరో చెబితేనే తెలుస్తోందా? ద, స, రి, గ లకు ఏ వేళ్ళు వాడుతున్నారు? తంబూరా పెట్టుకుని ఒకసారి రికార్డు చేసి, వయొలిన్ పక్కన పెట్టేసి వినండి. వాయిస్తూ వింటే చేతి శ్రమ చెవికి అడ్డం వస్తుంది.

నేను ఇక్కడి ఉత్సవాల్లో, సభల్లో గాత్రానికి పక్కవాద్యం వాయించేవాడిని, ఇప్పుడు ఎక్కువగా పిల్లలకు చెబుతున్నాను. ఒకే వైపు తప్పడం, అటూ ఇటూ తప్పడం రెండూ ఒకే జబ్బు కావు. మందు కూడా ఒకటి కాదు. అందుకే అడుగుతున్నా.

నాలుగు_తీగలు

నేను వెస్ట్రన్ వాయిస్తాను, చర్చి క్వయర్‌తో. మాకు మొదట నేర్పేది ఇదే. చేయి జరిగేటప్పుడు బొటనవేలు వెనక ఉండిపోతే స్వరం తక్కువ పడుతుంది, మెడను గట్టిగా పట్టుకుంటే చేయి ఆగి ఒక్కసారిగా దూకి ఎక్కువ పడుతుంది. బయల్దేరే ముందే వేలి ఒత్తిడి వదిలేయాలి. వేలు తీగను తాకుతూనే ఉండాలి కానీ చెక్కకు నొక్కకూడదు. చేరాక మళ్ళీ నొక్కాలి. ఏ వేలితో బయల్దేరామో ఆ వేలే దారి చూపించాలి, గాల్లోకి ఎత్తి దూకకూడదు. ఇంకోటి, వయొలిన్‌ను దవడ కింద గట్టిగా పట్టుకోండి.

మంద్రపంచమం

దవడ సంగతి వీరికి పనికిరాదండీ. కింద కూర్చుని వాయించేవాళ్ళకు వయొలిన్ ఛాతీకీ పాదానికీ మధ్య నిలుస్తుంది. ఎడమచేయి దాన్ని మోయక్కర్లేదు. మన పద్ధతిలో జారు, గమకం అంత స్వేచ్ఛగా వచ్చేది కూడా అందుకే. ఒత్తిడి వదిలి జరగాలన్నది మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం, ఏ పద్ధతికైనా.

దవడకు బదులు మనవాళ్ళు చూసుకోవాల్సింది పాదం. స్క్రోల్ ఈరోజు మడమ దగ్గర, రేపు వేళ్ళ దగ్గర ఉంటే మెడ వాలు మారుతుంది. మోచేయి ఎంత తెరుచుకుంటే తార షడ్జమం వస్తుందన్న లెక్క కూడా దాంతోపాటే మారిపోతుంది. చేతికి జ్ఞాపకం ఉండేది చెక్క మీద చోటు కాదు, మోచేయీ మణికట్టూ ఎంత కదిలాయన్నది. కూర్చునే తీరు స్థిరంగా లేకపోతే నిన్నటి సాధన ఈరోజు అక్కరకు రాదు.

వడ్డేపల్లి_వయొలిన్

రికార్డు చేసి విన్నాను సార్. గ దాదాపు ప్రతిసారీ ఎక్కువే. తక్కువ పడింది చాలా అరుదు. పడగానే నాకే తెలుస్తోంది, వెంటనే వెనక్కి లాగుతున్నాను. రికార్డింగులో ఆ లాగుడు కూడా "మ్యావ్" అన్నట్టు వినిపిస్తోంది, సిగ్గేసింది.

వేళ్ళు: పంచమం తీగ మీద ద చూపుడు వేలు, స ఉంగరం వేలు. తర్వాత చూపుడు వేలు జారి రి, మధ్య వేలు గ. కింద షడ్జమం తీగ మీద కూడా రి చూపుడు వేలు, గ మధ్య వేలే కదా, అదే అలవాటుతో.

మంద్రపంచమం

సగం జవాబు మీ చివరి వాక్యంలోనే ఉంది.

మీ చెవికి ఏ లోపమూ లేదు. తప్పు పడగానే తెలుస్తోంది, ఏ వైపు లాగాలో కూడా తెలుస్తోంది. చెవి చెడ్డదైతే లాగేవారే కాదు. తప్పు ఎప్పుడూ ఒకే వైపు ఉంది కాబట్టి చేతి బిగుతు కూడా ముఖ్య కారణం కాదు. బిగుతు వల్ల వచ్చే తప్పు అటూ ఇటూ చెదిరి పడుతుంది. మీ చేతికి ఒక కొలత వచ్చు, ఆ కొలతను చెల్లని చోట వాడుతోంది.

లెక్క చూద్దాం. ఫుల్ సైజు వయొలిన్‌కు నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ సుమారు 325 మిల్లీమీటర్లు. మీ షడ్జమం తీగ మీద చతుశ్రుతి రిషభం తీగలో తొమ్మిదో వంతు దగ్గర ఉంటుంది, అంటే నట్ నుంచి 36 మి.మీ. అంతర గాంధారం అయిదో వంతు దగ్గర, 65 మి.మీ. రెండింటి మధ్య దూరం 29. మీ చూపుడు వేలికీ మధ్య వేలికీ మధ్య మొదటి నుంచీ సాధన అయిన దూరం ఇదే.

ఇప్పుడు పంచమం తీగ మీదికి రండి. తార షడ్జమం తీగలో నాలుగో వంతు దగ్గర, 81 మి.మీ. తార రిషభం మూడో వంతు దగ్గర, 108. తార గాంధారం అయిదింట రెండో వంతు దగ్గర, సరిగ్గా 130. రి నుంచి గ కు దూరం 22 మి.మీ. మాత్రమే. మీ వేళ్ళు పాత 29 వేసుకుంటున్నాయి. రి సరిగ్గా పట్టినా సరే, గ 130 దగ్గర పడకుండా 137 దగ్గర పడుతుంది. స్వరాల ఎడాన్ని కొలిచే సెంట్ల లెక్కలో ఆ 7 మి.మీ. విలువ ఆ చోట సుమారు 65 సెంట్లు. అంటే గాంధారం నుంచి శుద్ధ మధ్యమానికి వెళ్ళే దారిలో సగం దాటేశారన్నమాట. మీ గురువుగారికి వినిపిస్తున్నది అదే.

పైకి వెళ్ళేకొద్దీ తీగ పొట్టిదవుతుంది, స్వరాలు దగ్గరవుతాయి. తార పంచమం తీగ సరిగ్గా సగంలో, 162 దాటి. అక్కడి నుంచి పైన ప్రతి స్వరం దూరమూ కింది దానికి సగమే. వీణలో ఈ సంగతి కంటికి కనిపిస్తుంది, పైకి పోయేకొద్దీ మెట్లు ఇరుకవుతాయి. వయొలిన్‌లో కనిపించదు కాబట్టి చేయి మరిచిపోతుంది.

కొలతబద్ద

సార్, మీరే 81, 108, 130 అని లెక్క ఇచ్చారు. అక్కడే టేపు అంటిస్తే సరిపోతుంది కదా? నేను చెప్పింది కూడా అదే కదా!

మంద్రపంచమం

చిన్నపిల్లలకు మొదటి నెలల్లో, కింది స్వరాలకు టేపు వేయడాన్ని నేను తప్పుపట్టను. పైన దానితో చిక్కులున్నాయి.

కూర్చుని వాయించేటప్పుడు కన్ను ఫింగర్ బోర్డును ఏటవాలుగా చూస్తుంది. 130 దగ్గరి గీత కంటికి కాస్త అటో ఇటో కనిపిస్తుంది. వేలి కొన వెడల్పు సెంటీమీటరు పైమాటే. ఆ వేలిలో ఏ భాగం గీత మీద ఆనాలి? అక్కడ 2 మి.మీ. తేడా వచ్చినా చెవికి తెలిసిపోతుంది. పైగా వేలు గీత మీద పడేదాకా ఆగి, చూసి, నొక్కేవాడికి వర్ణం రెండో కాలంలో అంత సమయం ఉండదు.

ట్యూనర్‌తో గీసిన గీతకు ఇంకో ఇబ్బంది. ఫోన్ ట్యూనర్లు మామూలుగా హార్మోనియం, కీబోర్డుల లెక్కలో ఉంటాయి. షడ్జమం నుంచి గాంధారం ఆ లెక్కలో 400 సెంట్లు. తంబూరా మంద్ర షడ్జమంలోంచి దానంతట అదే వినిపించే గాంధారం 386. మీ ముల్లు మధ్యలో నిలిచిన గాంధారం తంబూరా పక్కన 14 సెంట్లు ఎక్కువ.

చౌరస్తా_కీస్

అందుకేనా, మా కీబోర్డుతో వాయించడానికి వచ్చిన వయొలిన్ ఆయన "మీ గ కోస్తోంది" అని మొహం అదోలా పెట్టేవాడు! నేను ఆయనకే చెవి తేడా అనుకునేవాణ్ణి.

కరీంనగర్_అమ్మ

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా పాప ముప్పావు సైజు వయొలిన్ మీద నేర్చుకుంది. ఈమధ్య ఫుల్ సైజు కొన్నాం. అప్పటినుంచి అన్నీ తక్కువ పడుతున్నాయి. కింది స్వరాలు కూడా. టీచర్ గారేమో సాధన తగ్గింది అంటున్నారు. పాప మాత్రం రోజూ కూర్చుంటోంది. ఈ కొలతల గొడవ మాకూ వర్తిస్తుందా?

మంద్రపంచమం

వర్తిస్తుందమ్మా, తిరగేసి. పాప చేతికి పొట్టి తీగ దూరాలు వచ్చు. పొడుగు తీగ మీద అవే దూరాలు వేస్తే ప్రతి స్వరమూ నట్ వైపే పడుతుంది, అంటే తక్కువ. పైకి వెళ్ళేకొద్దీ తేడా ఇంకా పెరుగుతుంది. సాధన తగ్గితే వచ్చే తప్పు ఇంత ఒక తీరుగా ఉండదు. కొన్నాళ్ళు వర్ణాలూ కృతులూ పక్కనపెట్టి, తంబూరాతో సరళీ వరుసలు మొదటి కాలంలో వాయించనివ్వండి. ప్రతి స్వరం ముందు పాడి, తర్వాత వాయించాలి. పిల్లల చేయి పెద్దల కంటే త్వరగా సర్దుకుంటుంది. పాత ముప్పావు వయొలిన్ మాత్రం ఇంట్లో ఎదురుగా ఉంచకండి. రెండూ మార్చి మార్చి వాయిస్తే చేతికి ఏదీ కుదరదు.

కరీంనగర్_అమ్మ

సరేనండి. దాన్ని మా చుట్టాలబ్బాయికి ఇచ్చేస్తాం. పాప చేయి అసలు ఫుల్ సైజుకు సరిపోతుందా అన్న అనుమానం కూడా ఉంది, అది టీచర్ గారినే అడుగుతాను.

వడ్డేపల్లి_వయొలిన్

సార్, లెక్క అర్థమైంది. వయొలిన్ కొలిచి చూశా, 326 వచ్చింది. అయితే 22 మి.మీ. అని తెలిసినంత మాత్రాన వేలు 22 వేయదు కదా. సాధన ఎలా చేయాలి?

మంద్రపంచమం

ముందు వేళ్ళు మార్చండి. మీరు ద నుంచి చూపుడు వేలిని ఒకేసారి రి దాకా, 72 మి.మీ. జరుపుతున్నారు. దిగే చోట ఆసరా ఏమీ లేదు. దానికి బదులు చూపుడు వేలితో షడ్జమం మీద దిగండి. మధ్య వేలు రి, ఉంగరం వేలు గ. షడ్జమం మీద దిగితే సరిగ్గా దిగామో లేదో వయొలినే చెబుతుంది.

ఎలాగంటే, మీ పక్కన షడ్జమం తీగ ఖాళీగా ఉంది. పంచమం తీగ మీద తార షడ్జమం సరిగ్గా పడితే, ముట్టుకోకుండానే ఆ షడ్జమం తీగ మోగుతుంది. కమాను ఎత్తేశాక కూడా ఆ మోత కాసేపు నిలుస్తుంది. కాస్త తప్పినా మోత ఉండదు, నాదం పొడిగా ఉంటుంది. నమ్మకం కుదరకపోతే చిన్న కాగితం ముక్కను రెండుగా మడిచి షడ్జమం తీగ మీద గుర్రంలా కూర్చోబెట్టండి. సరిగ్గా తీగ మధ్యలో పెట్టకండి, ఆ స్వరానికి తీగ నడిమధ్య కదలదు. బ్రిడ్జి నుంచి నాలుగో వంతు దూరంలో పెట్టండి. తార షడ్జమం సరిగ్గా పడిన ప్రతిసారీ కాగితం ఎగురుతుంది. పిల్లలకు ఇది భలే సరదా.

తార రిషభానికీ ఇలాంటి సాక్షి ఉంది, మంద్ర పంచమం తీగ. రి సరిగ్గా ఉంటే ఆ తీగ మోగుతుంది. గాంధారానికి మంద్ర షడ్జమం తీగ పలుకుతుంది కానీ చాలా బలహీనంగా. అక్కడ కాగితాన్ని నమ్మకండి. తంబూరాలోని గాంధారాన్ని వెతికి పట్టుకుని, మీ గ దానిలో కలిసిపోయి అలలు ఆగేదాకా వినండి.

ఇక చోటు గుర్తుకు. 108, 130, 162 ఈ మూడు చోట్లా పంచమం తీగను నొక్కకుండా వేలితో ఊరికే తాకి కమాను వేయండి. సన్నటి ఈల వస్తుంది. 108 దగ్గర వచ్చేది పై స్థాయి రిషభం. సగం దగ్గర తార పంచమం. 130 దగ్గర వచ్చే ఈల గాంధారం కాదు, నిషాదం. కంగారు పడకండి, మనకు కావాల్సింది స్వరం కాదు, చోటు. ఈల స్పష్టంగా వచ్చిన చోటే మీ గాంధారం చోటు. అక్కడే వేలు ఉంచి మెల్లగా నొక్కండి. నొక్కినప్పుడు తీగ కొంచెం బిగిసి స్వరం వెంట్రుకవాసి పెరుగుతుంది. తీగలు చెక్క నుంచి ఎత్తుగా ఉంటే ఇంకాస్త ఎక్కువ పెరుగుతుంది. అంతమేరకు వెనక్కి తీసుకోండి.

వరుస ఇలా ఉంచుకోండి. గ పాడండి. పాడుతూనే చేయి జరిపి, కమాను లేకుండా వేలు పెట్టండి. తర్వాత కమాను వేయండి. తప్పు పడితే అక్కడే లాగి సరిచేయకండి. మీ "మ్యావ్" అలా పుట్టిందే. చేతికి గుర్తుండేది జరిగిన ప్రయాణం కాబట్టి, తప్పు చోటికి వెళ్ళి లాగడాన్నే అది నేర్చుకుంటోంది. వేలు తీసి, ద దగ్గరికి తిరిగి వచ్చి, మళ్ళీ మొదటి నుంచి బయల్దేరండి.

కచేరీలో మాత్రం లాగండి. అక్కడ తిరిగి వెళ్ళే వీలుండదు.

నాలుగు_తీగలు

ఈల పద్ధతి మేమూ వాడతాం, బాగుంటుంది. ఒక సందేహం. తార పంచమం దాకా వెళ్ళేటప్పుడు మీవాళ్ళ బొటనవేలు ఎక్కడుంటుంది? మాకైతే వయొలిన్ మెడ మొదలు దగ్గరికి వచ్చాక బొటనవేలు ఆగి, చేయి గుండ్రంగా బయటికి తెరుచుకుంటుంది.

మంద్రపంచమం

షడ్జమం దాకా బొటనవేలు చేతితోపాటే వస్తుంది. దాదాపు అక్కడికి అరచేయి మొదలు వయొలిన్ భుజానికి దగ్గరవుతుంది. కొందరికి తగులుతుంది, పొడుగు వేళ్ళవాళ్ళకు తగలదు. తగిలేవాళ్ళకు అదొక మంచి గుర్తు. అక్కడి నుంచి పైకి మీరన్నట్టే, బొటనవేలు ఆగుతుంది, చేయి తెరుచుకుంటుంది. అయితే మాలో పెద్ద జారు వేసేటప్పుడు బొటనవేలిని కిందే ఉంచి వేలు మాత్రం సాగదీసేవాళ్ళూ ఉన్నారు. మంచి విద్వాంసులే. నేను అలా నేర్పను, వాళ్ళది తప్పని కూడా అనను.

శ్రోత_మాత్రమే

నేను వాయించను, వింటాను. భద్రకాళి గుడిలో శరన్నవరాత్రుల కచేరీలు వదలను. ఒక్క మాట అడగొచ్చా? ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పాత రికార్డింగులు వింటుంటే షిఫ్ట్ ఎక్కడ జరిగిందో తెలియనే తెలియదు. ఆ జారు కావాలని వేసిందా, చేయి జరగడం వల్ల వచ్చిందా అనేది ఎలా గుర్తుపట్టాలి?

మంద్రపంచమం

మంచి ప్రశ్న. కావాలని వేసిన జారులో కమాను బలం తగ్గదు, ఒక్కోసారి పెరుగుతుంది. స్వరం నుంచి స్వరానికి మధ్య దారి అంతా వినిపించాలనే వేస్తారు. చేయి జరపడానికి వచ్చే జారులో తెలిసినవాళ్ళు ఆ క్షణం కమానును తేలికచేస్తారు. దారి వినిపించదు, చేరిన స్వరమే వినిపిస్తుంది. మోహనం లాంటి రాగంలో ఇది ఇంకా ముఖ్యం. తోడిలో గాంధారం ఊగుతూ ఉంటుంది కాబట్టి చిన్న తేడా గమకంలో కలిసిపోతుంది. మోహనంలో గ నిలబడి ఉంటుంది, దాక్కోవడానికి చోటు లేదు.

వడ్డేపల్లి_వయొలిన్

అప్‌డేట్ ఇస్తున్నా. కొత్త వేళ్ళతో, ఈల గుర్తులతో సాధన చేస్తున్నా. కాగితం నిజంగానే ఎగిరింది, ఇంట్లో అందరినీ పిలిచి చూపించా. ఎక్కేటప్పుడు గ చాలావరకు కుదిరింది. "ఏం చేశావు?" అని గురువుగారు అడిగారు కూడా.

ఇప్పుడు కొత్త తలనొప్పి. గ రి స ద ప అని దిగేటప్పుడు ద ఎక్కువైందని అంటున్నారు. ఇంటికొచ్చి ట్యూనర్ పెడితే ముల్లు దాదాపు మధ్యలోనే ఉంది. ఎవరిని నమ్మాలి?

కొలతబద్ద

ట్యూనర్‌ను.

మంద్రపంచమం

ఇక్కడ రెండు విషయాలు కలిసి ఉన్నాయి.

మొదటిది చేతిది. ఎక్కేటప్పుడు కింది కొలతను పైకి మోశారు. ఇప్పుడు పై కొలతను కిందికి మోస్తున్నారేమో చూడండి. పైన స, రి మధ్య 27, రి, గ మధ్య 22. స నుంచి ద కు దిగాలంటే 45 మి.మీ. పైనే జరగాలి. చేయి ఇరుకు దూరాలకు అలవాటుపడి పూర్తిగా వెనక్కి రాకపోతే ద ఎక్కువే పడుతుంది. దిగేటప్పుడు చూపుడు వేలు స మీద ఉండగానే ఒత్తిడి వదిలి, బొటనవేలిని కాస్త ముందుగా కదిలించండి.

రెండోది స్వరానిది. ఇక్కడ నాకూ ఒక్క మాటలో తేలదు. మోహనంలో ధైవతాన్ని గాంధారంతో కలిపి చూస్తే, అంటే గ కు మధ్యమంగా వింటే, అది నట్ నుంచి 32 మి.మీ. చిల్లర దగ్గర ఉంటుంది, 884 సెంట్లు. రిషభానికి పంచమంగా వింటే 36 దగ్గర, 906 సెంట్లు. ట్యూనర్ చెప్పేది 900, రెండింటిలో ఏదీ కాదు. గ మీద నిలిచి ద కు దిగే చోట నేను తక్కువ ద వాయిస్తాను. మీ గురువుగారు కూడా అలాగే వింటున్నారని నా అనుమానం.

నాలుగు_తీగలు

నేను ఒప్పుకోను సార్. ఒకే పాటలో ద రెండు చోట్ల ఉంటే చేతికి జ్ఞాపకం ఎలా కుదురుతుంది? ఒక చోటు ఎంచుకుని దానికే కట్టుబడాలి. మాకు క్వయర్‌లో పక్కవాళ్ళతో కలవడానికి కొంచెం అటూ ఇటూ సర్దుతాం గానీ, సాధన మాత్రం ఒకే చోటికి చేస్తాం.

మంద్రపంచమం

చేయి ఆ చోటు దగ్గరిదాకా తీసుకెళ్తుంది. చివరి 3 మి.మీ. చెవిదే. పక్కన పాడేవారు ద ఎక్కడ పెడితే నేనూ అక్కడే పెట్టాలి, నా చోటు నాదని కూర్చుంటే పక్కవాద్యం ఎందుకు? మీది వేరే సంప్రదాయం, అక్కడ మీరన్నది సబబే కావచ్చు. కేవలం సోలో వాయించేవారు ఒకే ద కు కట్టుబడితే కూడా నేను తప్పనను.

వడ్డేపల్లి గారూ, ఈ ఆదివారం గురువుగారిని ద పాడమని అడగండి. గ తర్వాత ఒకసారి, రి తర్వాత ఒకసారి. రెండూ రికార్డు చేసుకుని తంబూరాతో వినండి.

వడ్డేపల్లి_వయొలిన్

తప్పకుండా అడుగుతాను. ఇంకోటి సార్, తర్వాత కల్యాణి వర్ణం అన్నారు. తార ప్రతిమధ్యమానికి కూడా ఇలా మోగే తీగ, ఈల ఏమైనా ఉందా?

మంద్రపంచమం

నమ్ముకోదగ్గది లేదు. గ చోటు నుంచి పైకి, పంచమం ఈల నుంచి కిందికి, రెండు వైపుల నుంచీ కొలుచుకుంటూ రావాలి. పైగా కల్యాణిలో మధ్యమం పంచమం వైపు ఊగుతూ ఉంటుంది, నిలబెట్టి పట్టుకునే స్వరం కాదు. ముందు పాడటం కుదరనివ్వండి. అది మొదలుపెట్టాక వేరే పోస్టు పెట్టండి, ఇక్కడే కలిపితే మోహనం వాళ్ళకు దొరకదు.

కొలతబద్ద

మా అబ్బాయి వయొలిన్ మీద గ టేపు 3 మి.మీ. వెనక్కి జరిపా, తంబూరా పెట్టి. మిగతావి అలాగే ఉన్నాయి. టేపు మాత్రం తీయను.